జీతం కోతకి ఒప్పుకోలేదని రాసిచ్చి, పని మాత్రం మానకపోతే

ప్రశ్న: మా ఆఫీసులో మమ్మల్ని అడక్కుండానే జీతం తగ్గించేశారు. ఉద్యోగం మానేసే పరిస్థితి లేదు. నేను ఒప్పుకోవట్లేదని లెటర్ ఇచ్చి పని చేసుకుంటూ పోతే ఆ లెటర్‌కి ఏమైనా విలువ ఉంటుందా?

నాకైతే ఉంది. ఒక నెల జీతం అంత విలువ ఉంది, లెక్క కింద చెప్తా.

మాకు నెలాఖరున సాయంత్రం ఆరు దాటాక హెచ్ఆర్ నుంచి మెయిల్ వచ్చింది, వచ్చే నెల నుంచి అందరికీ 20 శాతం కోత, "మనమంతా ఒకే కుటుంబం కాబట్టి అర్థం చేసుకుంటారని ఆశిస్తున్నాం" అని. లాభాలొచ్చిన ఏడాది ఈ కుటుంబం ఎవరికీ గుర్తుండదు, అది వేరే విషయం. వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి దాకా తిట్లే తిట్లు, పొద్దున్నే అందరూ ఏమీ జరగనట్టు వచ్చి కూర్చున్నారు.

నేను ఆ రాత్రే రెండు పేజీల లెటర్ రాశా. ఇంటి లోను, పిల్లల ఫీజులు, ఎన్ని ఆదివారాలు పనిచేశానో అన్నీ. పంపే ముందు నా పాత సూపర్‌వైజర్ గారికి చూపించా, ఆయన ఒకప్పుడు యూనియన్‌లో తిరిగిన మనిషి. పెన్ను తీసి ముందు "దయచేసి పునఃపరిశీలించగలరు" కొట్టేశారు. "ఇది అర్జీ కాదురా, అభ్యంతరం. బతిమాలితే నిర్ణయం వాళ్ల చేతిలో ఉందని నువ్వే ఒప్పుకున్నట్టు" అన్నారు. తర్వాత లోను పోయింది, ఫీజులు పోయాయి, ఆదివారాలూ పోయాయి. చివరికి మిగిలింది ఇంతే:

"ఫలానా తేదీ మీ మెయిల్‌లో చెప్పిన జీతం తగ్గింపుకి నేను అంగీకరించడం లేదు. నా అపాయింట్‌మెంట్ లెటర్ ప్రకారం నా జీతం ఇంత, మీరు ఇస్తామంటున్నది ఇంత. నేను పనిలో కొనసాగుతున్నాను, కానీ దాన్నీ, తగ్గించిన జీతం తీసుకోవడాన్నీ నా అంగీకారంగా భావించవద్దు. ప్రతి నెలా తగ్గిన మొత్తం నాకు రావాల్సిన బాకీ. సెలవుల డబ్బుతో సహా నాకు సంబంధించిన లెక్కలన్నీ పాత జీతం మీదే చేయాలి."

ఆ సెలవుల డబ్బు మాట నాకు అస్సలు తట్టలేదు. ఆఖరి జీతం బట్టి లెక్కకట్టేవి కొన్ని ఉంటాయి కదా, ఆఖరి జీతమే తగ్గిపోతే అవన్నీ చప్పుడు లేకుండా తగ్గిపోతాయి.

కొత్త జీతం పడకముందే పంపమన్నారు, ఎందుకంటే కిక్కురుమనకుండా నెలల తరబడి తీసుకుంటే ఒప్పుకున్నట్టే కదా అంటారు. బ్రిటన్‌లో ఒక కేసు కూడా చెప్పారు, తర్వాత నేనూ చదివా. రిగ్బీ అని లేత్ మీద పనిచేసే ఆయనకి ఫెరోడో కంపెనీ 1982లో 5 శాతం కోసింది, ఆయన ఒప్పుకోలేదు, పనీ మానలేదు. 1987లో, అప్పట్లో అక్కడ అన్నిటికన్నా పై కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్, పాత కాంట్రాక్టు అలాగే ఉంది, తగ్గించింది బాకీయే అంది. అన్ని దేశాల్లో ఇదే రూలు అనను, కానీ అడ్డు చెప్పినవాడికీ చెప్పనివాడికీ తేడా ఎక్కడైనా ఉంటుందని నా గట్టి నమ్మకం.

లెటర్ వెళ్లిన మూడో రోజు హెచ్ఆర్ అమ్మాయి ఒక కాగితం పట్టుకొచ్చింది, "జస్ట్ అక్నాలెడ్జ్‌మెంట్ సార్, ఫార్మాలిటీ" అని. చదివితే కింద చిన్న అక్షరాల్లో "సవరించిన జీతానికి సమ్మతిస్తూ" అని ఉంది! ఆ లైను కొట్టేసి, పక్కన "అందింది, అంగీకరించలేదు" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టి, అక్కడే ఫోటో తీసుకున్నా. మీకు పోర్టల్‌లో బటన్ రూపంలో రావచ్చు, నొక్కకండి.

ఆ తర్వాత ప్రతి పేస్లిప్ రాగానే ఒకే లైను మెయిల్: "నా అభ్యంతరం కొనసాగుతోంది, ఈ నెల బాకీ ఇంత." మా మేనేజర్ నన్ను లాయర్ గారూ అని పిలిచేవాడు, మీటింగులకి పిలవడం మానేశాడు. అదొక్కటే నాకు దక్కిన బోనస్.

అయిదు నెలలకి వేరే ఉద్యోగం వచ్చింది. నెలకి అయిదో వంతు, అయిదు నెలలు, అంటే సరిగ్గా ఒక నెల పూర్తి జీతం. ఫైనల్ సెటిల్‌మెంట్‌లో అది లేదు, పైగా ఇంకేమీ రావాల్సింది లేదని సంతకం పెట్టమన్నారు. పెట్టకుండా ఆరు మెయిళ్లూ ఒకే ఫైల్‌లో పెట్టి పంపా. రెండు వారాలు చప్పుడు లేదు, ఆ తర్వాత డబ్బు పడింది. నాతో పాటే మానేసిన ఇంకో అబ్బాయి అడిగితే మాత్రం "అప్పుడేం మాట్లాడలేదుగా" అన్నారట.

అయితే లెటర్ ఇచ్చేశాం కదా అని ఏళ్లు కూర్చోకండి, క్లెయిమ్ వేయడానికి గడువులుంటాయి, అభ్యంతరం కూడా పాతబడుతుంది. మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో జీతం మార్చే హక్కు కంపెనీకి ఉందని రాసుందేమో కూడా ముందు చూసుకోండి, ఉంటే లెటర్ పంపేలోపే ఒక లేబర్ లాయర్‌కి ఆ పేజీ చూపించండి. ఇప్పటికే ఒకటి రెండు జీతాలు పడ్డాయా? అయితే ఇవాళే పంపండి, ఆ నెలల బాకీ కూడా అందులోనే రాసి.