నోటీస్ పీరియడ్ కొనుక్కోవాలా, పనిచేసి తీర్చాలా?

ప్రశ్న: సార్, మాది నవాబుపేట మండలం. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఒక ఫార్మా కంపెనీలో క్యూసీ కెమిస్ట్‌గా 2021 ఫిబ్రవరి 22న చేరాను. నెలకు గ్రాస్ 38,000, అందులో బేసిక్ 20,000. సీటీసీ 45,000. వేరే కంపెనీలో 50,000కు ఆఫర్ వచ్చింది, జనవరి 12న చేరమంటున్నారు. 2025 డిసెంబర్ 12న రాజీనామా మెయిల్ పెట్టాను. అపాయింట్‌మెంట్ లెటర్‌లో ‘ఇరువైపులా 90 రోజుల నోటీసు, లేదా దానికి బదులు జీతం’ అని ఉంది. 18 ఈఎల్‌లు మిగిలాయి. హెచ్‌ఆర్ వాళ్లు తక్కువపడే 60 రోజులకు సీటీసీ లెక్కన, జీఎస్టీతో కలిపి 1,06,200 కట్టమంటున్నారు. లేకుంటే పీఎఫ్ ఆపుతారట. కట్టేసి వెళ్లాలా, 90 రోజులూ చేయాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: డబ్బు సంగతికి ముందు మీరు చేరిన తేదీని, నోటీసు ముగిసే తేదీని పక్కపక్కన పెట్టి చూడండి. డిసెంబర్ 13ను మొదటి రోజుగా లెక్కిస్తే 90 రోజులు 2026 మార్చి 12న ముగుస్తాయి. మీకు ఐదేళ్ల సర్వీసు ఫిబ్రవరి 21తో నిండుతుంది. అంటే మీరు డబ్బు కట్టి వదులుకోవాలనుకుంటున్న ఆ రెండు నెలల్లోనే, ఐదేళ్లు పనిచేసినవారికి వెళ్లేటప్పుడు కంపెనీ ఇవ్వాల్సిన గ్రాట్యుటీ ఉంది. మీ హెచ్‌ఆర్ చెప్పిన లెక్కలో ఇది లేదు, మీ లెక్కలోనూ లేనట్టుంది.

గ్రాట్యుటీని చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు సంవత్సరాలతో గుణించి కడతారు. మీ బేసిక్ 20,000 మీద ఐదేళ్లకు 57,692 రూపాయలు వస్తాయి. కొత్త కార్మిక కోడ్‌లలో వేతనానికి ఇచ్చిన నిర్వచనం కింద స్పెషల్ అలవెన్స్ కూడా కలిస్తే ఇంకా పెరగొచ్చు, కాబట్టి దీన్ని కనీస మొత్తంగా తీసుకోండి. ఐదో ఏట 240 రోజులు పనిచేస్తే ఐదేళ్లు నిండినట్టేనని మద్రాస్ హైకోర్టు ఒక తీర్పులో చెప్పింది. జనవరి 11న బయటికొచ్చినా ఆ వాదన మీకు ఉంటుంది. కానీ చాలా కంపెనీలు దాన్ని తేలిగ్గా ఒప్పుకోవు, అధికారి ముందు పోరాడి తెచ్చుకోవాలి. ఆరు వారాలు ఆగితే గొడవ లేకుండా వచ్చే డబ్బును గొడవలోకి ఎందుకు నెట్టుకోవడం?

ఇక హెచ్‌ఆర్ లెక్క. వాళ్లు 45,000ను రెండు నెలలకు 90,000 చేసి, దాని మీద 18 శాతం జీఎస్టీగా 16,200 కలిపారు. ఈ జీఎస్టీ అసలు చెల్లదు. ఉద్యోగి నుంచి వసూలు చేసే నోటీసు సొమ్ము ఏ సేవకూ ప్రతిఫలం కాదని, దానికి జీఎస్టీ వర్తించదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టు 3న ఇచ్చిన 178/10/2022 సర్క్యులర్‌లో స్పష్టంగా ఉంది. ఆ నంబరు మెయిల్‌లో రాస్తే చాలు, సాధారణంగా ఆ 16,200 మాయమవుతుంది.

సీటీసీ మీద లెక్క కట్టడమూ నిలవదు. మీ లెటర్‌లో ఉన్నది ‘జీతం’. సీటీసీలో మాత్రం కంపెనీ తన వంతుగా వేసే పీఎఫ్, గ్రాట్యుటీ కోసం చూపించే మొత్తం, ఇన్సూరెన్స్, ఏడాది చివర ఇస్తే ఇచ్చే బోనస్ అన్నీ ఉంటాయి. మీరు పనిచేయని 60 రోజులకు కంపెనీ వాటిని ఖర్చే పెట్టదు. పెట్టని ఖర్చును మీ దగ్గర ఎలా వసూలు చేస్తుంది? ఇక్కడ నేను వేయమనే ప్రశ్న ఒకటుంది. మీ క్లాజు రెండు వైపులకూ ఒకటే కదా. రేపు కంపెనీయే నోటీసు లేకుండా మిమ్మల్ని తీసేస్తే ఆ 60 రోజులకు సీటీసీ ఇస్తుందా, గ్రాస్ ఇస్తుందా, బేసిక్ ఇస్తుందా? ఈ మాట మెయిల్‌లో మర్యాదగా అడగండి. కంపెనీ ఇచ్చేటప్పుడు ఏ కొలత వాడుతుందో, తీసుకునేటప్పుడూ అదే కొలత వాడాలి.

మరి బేసిక్ ఒక్కటే కడతానని మీరనొచ్చా? అనొచ్చు, 40,000తో పోతుంది. ‘జీతం’ అంటే ఏమిటో లెటర్‌లో గానీ, హెచ్‌ఆర్ పాలసీలో గానీ చెప్పకపోతే, అస్పష్టమైన మాటకు దాన్ని రాసినవాళ్లకు వ్యతిరేకంగా అర్థం తీయాలనే సూత్రం మీకు పనికొస్తుంది. నా అభిప్రాయం మాత్రం ఇది: నెలనెలా చేతికి రావాల్సిన గ్రాస్‌నే జీతం అనడం సహజం, వివాదం ముదిరితే అటే మొగ్గు ఉంటుంది. కాబట్టి 40,000 దగ్గర బేరం మొదలుపెట్టండి, రెండు నెలల గ్రాస్ అయిన 76,000 దాటి మాత్రం ఒప్పుకోకండి.

‘ఇలాంటి క్లాజులు కోర్టులో చెల్లవట కదా’ అని మిత్రులు చెబుతుంటారు, దాన్ని నమ్మకండి. మిమ్మల్ని బలవంతంగా పనిచేయించమని ఏ కోర్టూ ఆదేశించదన్న మాట నిజమే, నిర్దిష్ట ఉపశమన చట్టం సెక్షన్ 14 దానికి అడ్డుపడుతుంది. కానీ డబ్బు వేరే సంగతి. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 కింద ఒప్పందంలో రాసిన మొత్తం మించకుండా సహేతుకమైన పరిహారం అడిగే హక్కు కంపెనీకి ఉంది. మూడేళ్లు నిండకుండా వెళ్లిపోయిన ఉద్యోగి రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. అది ప్రభుత్వ రంగ బ్యాంకు, పోటీ పరీక్ష పెట్టి మళ్లీ నియామకం చేసుకోవాల్సిన పరిస్థితి, కాబట్టి మీ కేసుకు అచ్చంగా సరిపోదు. అయినా ఉద్యోగి సంతకం పెట్టిన షరతును కోర్టులు తేలిగ్గా కొట్టేయవని దాన్నుంచి తెలుసుకోవాలి.

కంపెనీ బాధ కూడా కొంత న్యాయమైనదే. మీ స్థానంలో వచ్చే కెమిస్ట్‌ను అనలిస్ట్ క్వాలిఫికేషన్ పూర్తయ్యేదాకా సొంతంగా శాంపిల్ మీద సంతకం పెట్టనివ్వరు. ఆలోపు మీ పనిభారం మిగతావాళ్ల మీద పడుతుంది. ఏదైనా ఆడిట్ తేదీ దగ్గరలో ఉంటే ఆ ఒత్తిడి ఇంకా ఎక్కువ. అందుకే డబ్బు గురించి మాట్లాడే మెయిల్‌లోనే పెండింగ్ స్టెబిలిటీ శాంపిల్స్, మీ పేరు మీదున్న కాలిబ్రేషన్లు, లాగ్‌బుక్కులు ఎవరికి ఎప్పటికల్లా అప్పగిస్తారో రాయండి. నోటీసులో కొన్ని రోజులు మాఫీ చేసే అధికారం ఎక్కువగా హెచ్‌ఆర్ కంటే మీ డిపార్ట్‌మెంట్ హెడ్ మాట మీదే ఆధారపడుతుంది. ఆయనకు కావాల్సింది మీ 76,000 కాదు, ఆగిపోని పని.

ఇప్పుడు మీ 18 ఈఎల్‌లు. వీటిని నోటీసులో సర్దుబాటు చేయమనడం మీ హక్కు కాదు, కంపెనీ పాలసీలో ఉంటేనో, వాళ్లు ఒప్పుకుంటేనో జరుగుతుంది. కానీ అడగడం మాత్రం మరవకండి, ఎందుకంటే తేడా పెద్దది. లీవులు విడిగా ఎన్‌క్యాష్ చేస్తే చాలాచోట్ల బేసిక్ మీదే ఇస్తారు. 20,000ను 30తో భాగించి 18తో గుణిస్తే 12,000. అదే లీవులను నోటీసులో తగ్గిస్తే, గ్రాస్ మీద రోజుకు 1,267 చొప్పున 22,800 మీ మీద పడకుండా పోతుంది. అవే 18 రోజులు, 10,800 తేడా. వసూలేమో గ్రాస్ మీద, లీవు డబ్బేమో బేసిక్ మీద ఇస్తామని వాళ్లంటే, రెండింటికీ ఒకే ఆధారం పెట్టమని అడగండి.

ఇవన్నీ కలిపి చూద్దాం. జనవరి 11నే వెళ్లిపోతే, లీవులు సర్దినా 42 రోజులకు గ్రాస్ మీద 53,200 కట్టాలి, దానికి తోడు 57,692 గ్రాట్యుటీ వివాదంలో పడుతుంది. రెండూ కలిపి 1,10,892. ప్రతిగా మీకు వచ్చే లాభం రెండు నెలలపాటు నెలకు 12,000 ఎక్కువ జీతం, అంటే 24,000. మార్చి 12 దాకా పనిచేస్తే ఆ 24,000 పోతుంది, మిగతాదంతా మిగులుతుంది. అంటే కొత్త కంపెనీ ఆగితే చాలు, పనిచేయడమే మీకు లాభం.

మార్చి దాకా వాళ్లు ఆగకపోవచ్చు. అందుకే మధ్యలో ఒక తేదీ చెబుతున్నాను: ఆఖరి పనిదినం ఫిబ్రవరి 23, సోమవారం. ఐదేళ్లు 21నే నిండుతాయి, మరో రెండు రోజులు దాటించడం ఎందుకంటే తర్వాత ఎవరూ ఒక రోజు తక్కువైందని తగాదా పెట్టకుండా. అప్పుడు నోటీసులో తక్కువపడేది ఫిబ్రవరి 24 నుంచి మార్చి 12 వరకు 17 రోజులే. మీ 18 లీవుల్లో అవి సర్దుకుపోతాయి, కట్టాల్సింది ఏమీ ఉండదు. లీవులు సర్దడానికి ఒప్పుకోకపోయినా 17 రోజులకు గ్రాస్ మీద 21,533 కట్టి, లీవుల డబ్బు 12,000 తీసుకుంటే మీ చేతి నుంచి పోయేది 9,533. కొత్త కంపెనీని అడగాల్సింది ఆరు వారాల గడువు మాత్రమే, ఈ రంగంలో 90 రోజుల నోటీసు గురించి వాళ్లకు తెలియనిదేమీ కాదు. వాళ్లు ససేమిరా అంటే నోటీసుకు బదులు కట్టే బైఅవుట్ సొమ్ము వాళ్లే భరిస్తారేమో అడగండి. భరిస్తామంటే ఆ మాట ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలనే షరతు ఉందేమో చూసుకోండి.

మీ రాజీనామా మెయిల్‌లో ఆఖరి తేదీ రాయకపోయి ఉంటే, ఈ రోజే ఇంకో మెయిల్ పెట్టి ఫిబ్రవరి 23 అని తెలపండి. జనవరి 11 అని రాసి ఉంటే మార్చమని వెంటనే అభ్యర్థించండి, కంపెనీ అంగీకరించాక వెనక్కి తిప్పడం కష్టం. ఫోన్‌లో మాట్లాడిన ప్రతి విషయాన్నీ అదే సాయంత్రం మెయిల్‌లో రాసి పెట్టుకోండి. డబ్బు కట్టాల్సి వస్తే నగదు వద్దు, బ్యాంకు ద్వారానే కట్టి, ‘నోటీసుకు బదులు జీతం, పూర్తి పరిష్కారం’ అని రాయించి రసీదు తీసుకోండి. ఏమీ చెప్పకుండా గేటు దాటి పోవడం మాత్రం వద్దే వద్దు. అలా వెళ్లినవాళ్లను అబ్‌స్కాండింగ్ అని రికార్డు చేస్తారు, తర్వాతి కంపెనీ వెరిఫికేషన్‌లో అది బయటపడుతుంది.

పీఎఫ్ ఆపుతామన్న బెదిరింపుకు భయపడకండి. ఆ డబ్బు కంపెనీ చేతిలో లేదు, మీ ఖాతాలో ఉంది, నోటీసు బాకీ కింద దాన్ని పట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. వాళ్లు చేయగలిగింది సిస్టమ్‌లో నిష్క్రమణ తేదీ వేయకుండా సతాయించడమే. చివరి పీఎఫ్ జమ తర్వాత రెండు నెలలకు ఆ తేదీని యూఏఎన్ పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు. గ్రాట్యుటీని కూడా నోటీసు సొమ్ము కింద మినహాయించుకునే అధికారం వాళ్లకు లేదు, అర్హత వచ్చిన 30 రోజుల్లో ఇవ్వాలి. వాళ్లు చేయి వేయగలిగేది చివరి జీతం, లీవుల డబ్బు మీదే. ఆ చివరి జీతం కూడా, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినవారికి రెండు పనిదినాల్లో చెల్లించాలి. 45 రోజుల తర్వాత సెటిల్మెంట్ అనే పాత పద్ధతి ఇప్పుడు చెప్పుకోలేరు.

ఫిబ్రవరి 23 తర్వాత రిలీవింగ్ లెటరో, డబ్బో ఆపితే మొదట లాయర్ నోటీసు పంపండి. కదలకపోతే ఈ మెయిళ్ల ప్రింట్లు, అపాయింట్‌మెంట్ లెటర్, చివరి మూడు నెలల పే స్లిప్పులు పట్టుకుని మహబూబ్‌నగర్‌లో కార్మిక శాఖ అధికారికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. గ్రాట్యుటీకి మాత్రం అందులోనే కలపకుండా కంపెనీకి విడిగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.