సర్వే కామెంట్లలో మాటల లెక్క

మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ సర్వే కామెంట్లలో ఏ మాట ఎక్కువగా వచ్చిందో చార్ట్ వేయాలి. ‘కానీ’, ‘చాలా’ లాంటివి తీసేస్తే సరిపోతుందా?

సరిపోదు. ‘నీళ్లు’, ‘నీళ్ళు’, ‘నీటి’, ‘నీళ్లకి’ నాలుగు బార్‌లుగా విడిపోతే అసలు ఫిర్యాదు కిందికి జారిపోతుంది. షీట్‌లో పక్క కాలమ్‌లో వాటన్నిటికీ ‘నీళ్లు’ అని రాసి, ఆ మాట ఎన్ని కామెంట్లలో ఉందో లెక్కపెట్టండి. ఒకే కామెంట్‌లో ఐదుసార్లు వచ్చినా ఒకటే.

తీసేసే జాబితాలో ‘లేదు’ మాత్రం పెట్టకండి. ‘లిఫ్ట్ సమస్య లేదు’లో అది పోతే మిగిలేది ‘లిఫ్ట్ సమస్య’. సంతృప్తి కాస్తా ఫిర్యాదై కూర్చుంటుంది. ఉంచినా ‘లేదు’ విడి బార్‌గానే నిలబడుతుంది, ఏది లేదో చెప్పదు. అందుకే పైనున్న మాటలకు అసలు కామెంట్లు తెరిచి చదవాల్సిందే. ‘మంజీరా రావట్లేదు’ అన్నదీ నీళ్ల ఫిర్యాదే, కానీ ‘నీళ్లు’ బార్‌లో చేరదు.