బయటికెళ్తేనే ఇయర్‌బడ్స్‌లో పాట తెగిపోతోంది, ఎందుకు?

"ఇంట్లో బానే ఉంటాయి. అమీర్‌పేట మెట్రో స్టేషన్‌కి వెళ్తే చాలు, పాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. అన్‌పెయిర్ చేసి మళ్లీ పెయిర్ చేశా, మారలేదు. బాక్స్ మీద బ్లూటూత్ 5.3 అనే ఉంది. పీస్ పోయిందా?"

పీస్ పోతే ఇంట్లో కూడా తెగాలి కదా. ముందు ఫోన్‌లో ఏ కోడెక్, అంటే పాటను కుదించి పంపే పద్ధతి, నడుస్తోందో చూడండి. నాకు ఇలాగే తెగినప్పుడు LDAC అనే కోడెక్ 990 కేబీపీఎస్ మీద, అంటే సెకనుకు 990 కిలోబిట్లు పంపుతూ ఉంది.

పాటలు వచ్చే మామూలు బ్లూటూత్‌లో, అంతా బాగుంటే, సెకనుకు సుమారు 2,100 కిలోబిట్లు వెళ్తాయి. 990 అంటే అందులో దాదాపు సగం పాటకే పోతుంది. దారిలో పోయిన ప్యాకెట్లను మళ్లీ పంపడానికి మిగిలిన సగమే దిక్కు. ఇయర్‌బడ్ సెకనులో కొంత భాగానికి సరిపడా పాటే ముందుగా దాచుకుంటుంది. అది అయిపోయేలోపు ప్యాకెట్ రాకపోతే మీకు వినిపించేది ఖాళీయే.

స్టేషన్‌లో జనం ఫోన్లు, ఇయర్‌బడ్స్, వైఫై అన్నీ అదే 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉంటాయి. బ్లూటూత్ 79 ఛానెళ్ల మధ్య సెకనుకు 1,600 సార్ల దాకా గెంతుతూ రద్దీవి వదిలేస్తుంది, కానీ అక్కడ ఖాళీవి ఎన్ని మిగులుతాయి? పైగా ఒంట్లోని నీరు ఈ తరంగాలను మింగేస్తుంది. ఇంట్లో గోడలకు తగిలి సిగ్నల్ చుట్టు తిరిగి చెవికి చేరుతుంది, ఆరుబయట ఆ సాయం ఉండదు. నా ఫోన్ కుడి వెనక జేబులో ఉండేది, సిగ్నల్ అందుకునేది ఎడమ బడ్. ఫోన్‌ను చొక్కా జేబులోకి మార్చితే తెగడం తగ్గింది, LDACని 330కి దించాక పూర్తిగా ఆగింది. ఆ గోలలో 990కీ 330కీ తేడా నా చెవికైతే తెలియలేదు.

ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో Build number మీద ఏడుసార్లు నొక్కితే Developer options వస్తాయి. అందులో LDAC ప్లేబ్యాక్ క్వాలిటీని Optimized for Connection Quality కి మార్చండి (అదే 330). మీ బడ్స్‌కి LDAC లేకపోతే కోడెక్ దగ్గర SBC పెట్టి చూడండి. కొన్ని ఫోన్లు మళ్లీ కనెక్ట్ అయినప్పుడు పాత సెట్టింగ్‌కి వెళ్లిపోతాయి, ఓసారి చూసుకోండి.

రీపెయిర్ చేస్తే మారేది రెండు పరికరాల మధ్య దాచుకున్న తాళాలే, రేడియో కాదు. అయితే బడ్స్ ఒకేసారి ల్యాప్‌టాప్‌కీ కనెక్ట్ అయి ఉంటే దాన్ని తీసేయండి, అదీ సమయం తింటుంది.

5.3 అని రాసి ఉన్నంత మాత్రాన పాట బ్లూటూత్‌లోని ‘లో ఎనర్జీ’ అనే తక్కువ కరెంటు రేడియో మీద వస్తుందని కాదు. దానికి ఎల్ఈ ఆడియో కావాలి, ఫోన్‌లోనూ బడ్స్‌లోనూ. అందులోని ఎల్‌సీ3 కోడెక్ తక్కువ బిట్‌రేట్‌లోనే మంచి శబ్దం ఇస్తుంది కాబట్టి మళ్లీ పంపడానికి చోటు ఎక్కువ మిగులుతుంది.

330లో, ఫోన్ చేతిలో పట్టుకున్నా ఇంట్లో ఒకే బడ్ తెగుతుంటే మాత్రం వారంటీకి ఇచ్చేయండి.