చేరిన 90లో 40 ఎక్కడికి పోయాయి?

ప్రశ్న: బరంపురంలో చీరల దుకాణాలకూ కిరాణా కొట్లకూ నెలవారీ చందా మీద బిల్లింగ్ యాప్ ఇస్తున్నాను. నిరుడు ఏప్రిల్‌లో 200 దుకాణాలుండేవి. ఏడాదిలో కొత్తగా 90 చేరాయి. నేను చూసుకునేది చేరికలే. పెట్టుబడి పెడతానన్న మా బావ ‘నెట్ రెవెన్యూ రిటెన్షన్ ఎంత?’ అని అడిగాడు. అదేంటి, ఎలా లెక్కకట్టాలి? బిల్లుల పట్టిక పంపుతున్నాను.

జవాబు: ముందు ఆ 90 దుకాణాలనూ పక్కన పెట్టండి. నిరుడు ఏప్రిల్‌లో డబ్బు కట్టిన 200 దుకాణాలే ఈ ఏప్రిల్‌లో ఎంత కట్టాయన్నది మీ బావగారి ప్రశ్న.

అప్పుడు ఒక్కోటి 500 రూపాయల చొప్పున నెలకు లక్ష వచ్చేది. వాటిలో 46 మానేశాయి, 23,000 పోయింది. 14 దుకాణాలు 300 ప్లాన్‌కి దిగాయి, మరో 2,800 తగ్గింది. 20 దుకాణాలు మాత్రం రెండో కౌంటర్ తీసుకుని తలా 300 ఎక్కువ కడుతున్నాయి. ఆ 6,000 ఎక్స్‌పాన్షన్ రెవెన్యూ, అంటే పాత ఖాతాదారు దగ్గరే పెరిగిన రాబడి. మొత్తం 80,200. లక్షతో పోలిస్తే 80.2 శాతం. ఇదే ఆయన అడిగిన అంకె.

కొత్త 90 దుకాణాలు తెచ్చినది నెలకు 45,000. అందులో 19,800 పాత గండి పూడ్చడానికే సరిపోయింది. అంటే దాదాపు 40 దుకాణాలను తిరిగి తిరిగి, డెమోలిచ్చి పట్టుకున్నది ఉన్నచోటే ఉండడానికి.

షీట్‌లో B నిలువు వరుసలో నిరుటి ఏప్రిల్ చందా, C లో ఈ ఏప్రిల్ చందా వేయండి. కొత్త దుకాణాలకు B ఖాళీగా ఉంటుంది కనుక అవి లెక్కలోకి రావు.

```
=SUMIF(B2:B500,">0",C2:C500)/SUM(B2:B500)
```

18 శాతం జీఎస్టీ, ప్రింటర్ అమ్మకం, ఇన్‌స్టలేషన్ చార్జీ ఇందులో కలపకండి. ఏడాదికి ఒకేసారి కట్టినవారి చందాను 12తో భాగించి వేయండి. చీరల దుకాణాలు పెళ్లిళ్ల సీజన్‌లో రెండో కౌంటర్ తీసుకుని తర్వాత తీసేస్తుంటే, ఆ నెల అంకె ఉబ్బి కనిపిస్తుంది. అందుకే సీజన్ కాని ఒక నెలను ఎంచుకుని ఏటా ఆ నెలతోనే పోల్చండి. రేటు పెంచి రాబట్టినదాన్ని కౌంటర్లతో వచ్చినదానితో కలపక విడి వరుసలో రాయండి.

ఎక్స్‌పాన్షన్ తీసేసిన అంకె కూడా పక్కనే వేసుకోండి. మీది 74.2. ఒక పెద్ద షోరూం పది కౌంటర్లు తీసుకుంటే పై అంకె బాగుపడుతుంది, ఈ అంకె మాత్రం కదలదు. కారుతున్నది ఎంతో ఇదే చెబుతుంది. చిన్న కొట్లు మూతపడుతూనే ఉంటాయి గనుక మీ వ్యాపారంలో 100 దాటడం కష్టమే, నా లెక్కన 90 మంచి గురి.

ఇక ఆ 46 దుకాణాలూ చేరిన ఎన్నో నెలలో మానేశాయో రాయండి. మొదటి మూడు నెలల్లోనే ఎక్కువైతే నేర్పడంలో లోపం, సరుకు జాబితా ఎక్కించకుండానే వదిలేసి ఉంటారు. ఏడాది తిరిగే వేళకైతే ధర గురించి అడగండి. రెండో కౌంటర్ అమ్మాలంటే రోజుకు బిల్లులు ఎక్కువ కొడుతున్న ఒంటి కౌంటర్ దుకాణాల జాబితా మీ యాప్‌లోనే ఉంది, సాయంత్రం రద్దీ వేళ వెళ్లి వరుస చూడండి.