బొటీక్ రీల్‌కి క్యాప్షన్, హ్యాష్‌ట్యాగులు, పిన్ కామెంట్: దేంట్లో ఏం రాయాలి?

*"మా బొటీక్‌లో కొత్త డ్రెస్ మీద ఇన్‌స్టాగ్రామ్ రీల్ చేశాం. వీడియో బాగానే వచ్చింది, లైకులు కూడా వస్తున్నాయి. కానీ ఆర్డర్లు లేవు. క్యాప్షన్‌లో ఏం రాయాలి, హ్యాష్‌ట్యాగులు ఎన్ని పెట్టాలి, పిన్ కామెంట్ వల్ల ఉపయోగం ఉందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి."*

రాయడం మొదలుపెట్టేముందు మీ పాత రీల్స్ ఒక నాలుగైదు తెరిచి, కింద జనం అడిగిన ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకోండి. డీఎంలలో వచ్చినవి కూడా. నేను ఒక బొటీక్‌కి పోస్టులు రాసిపెడుతుంటాను. మొదట్లో చాలా నెలలు ఈ పని చేయకుండానే రాశాను, నాకూ మీలాగే లైకులు తప్ప ఏమీ రాలేదు.

ఒక రీల్ సంగతి చెబుతాను. లినెన్ ర్యాప్ డ్రెస్ మీద చేసింది. దానికి నేను రాసిన క్యాప్షన్: "కొత్త కలెక్షన్ వచ్చేసింది! మీ స్టైల్‌కి కొత్త మెరుపు. వివరాలకు డీఎం చేయండి." దాని కింద 28 హ్యాష్‌ట్యాగులు. వచ్చిన కామెంట్లేమో ఇవి: "ఇది ఏ క్లాత్?", "జేబులున్నాయా?", "లోపల లైనింగ్ ఉందా? పల్చగా కనిపిస్తోంది", "లార్జ్ దొరుకుతుందా?" అన్నిటికీ మేమిచ్చిన జవాబు ఒకటే: "డీఎం చేయండి." అడిగినవాళ్లలో చాలామంది మళ్లీ కనిపించలేదు. ఖాళీగా రీల్స్ చూసుకుంటున్న మనిషి అది ఆపి, చాట్ తెరిచి, అదే ప్రశ్న మళ్లీ టైప్ చేసి, జవాబు కోసం ఎదురుచూడాలి. అంత ఓపిక ఎవరికుంటుంది?

ఆ కాగితం ముందు పెట్టుకుని ప్రశ్నల్ని రెండు కుప్పలు చేశాను. క్లాత్, లైనింగ్, జేబులు, ఉతికే పద్ధతి ఎప్పటికీ మారవు. అవి క్యాప్షన్‌లోకి. ఏ సైజులున్నాయి, ఎప్పుడు వస్తాయి అన్నవి రోజురోజుకీ మారతాయి. అవి పిన్ కామెంట్‌లోకి. ఆ తర్వాత అదే డ్రెస్ మీద ఇంకో రీల్ పెట్టినప్పుడు ఇలా రాశాను:

"ఫోన్ మొత్తం పట్టే జేబులున్న లినెన్ ర్యాప్ డ్రెస్.
లోపల కాటన్ లైనింగ్ ఉంది, ఎండలో నిలబడినా లోపలిది కనిపించదు. నడుము దగ్గర ముడి వేసుకోవడమే కాబట్టి వదులు, బిగువు మీ ఇష్టం. వీడియోలో వేసుకున్నది మీడియం, ఆవిడ ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. చల్లటి నీళ్లలో చేత్తో ఉతకాలి. లినెన్ కాబట్టి ముడతలు పడతాయి.
సైజు విషయంలో అనుమానం ఉంటే ఛాతీ, నడుము కొలతలు డీఎం చేయండి. ఏది సరిపోతుందో చెబుతాం."

రీల్ మీద క్యాప్షన్ మొదటి లైన్ మాత్రమే కనిపిస్తుంది, మిగతాది "more" నొక్కితేనే. అందుకే మొదటి లైన్‌లో వీడియో చూపించలేనిది రాయండి. రంగు, కట్ చూసేవాళ్లకి ఎలాగూ కనిపిస్తాయి. జేబు లోతు కనిపించదు. (వీడియో మీద మీరు పెట్టే అక్షరాలు మరీ కిందికి ఉంటే ఈ క్యాప్షన్ వాటిని కప్పేస్తుంది, కొంచెం పైకి జరపండి.)

ముడతల మాట రాయడానికి ఓనర్ ఆవిడ ఒప్పుకోలేదు. "మన సరుకుని మనమే తక్కువ చేసుకుంటామా?" అన్నారు. కానీ ముడతలు నచ్చనివాళ్లు కొని వెనక్కి పంపడం కంటే ముందే తెలుసుకుని కొనకపోవడం ఇద్దరికీ మంచిది. లినెన్ ఇష్టపడేవాళ్లకి ఆ మాట భయం కలిగించదు సరికదా, మిగతా వివరాల మీద నమ్మకం పెంచుతుంది. డీఎం విషయంలోనూ తేడా గమనించండి. "వివరాలకు డీఎం" అంటే ఏం పంపాలో తెలియదు. కొలతలు పంపమంటే ఒక చిన్న పని చెప్పినట్టు.

హ్యాష్‌ట్యాగుల మీద ఎక్కువ టెన్షన్ పడకండి. మూడు నుంచి ఐదు చాలని ఇన్‌స్టాగ్రామ్ వాళ్లే 2021లో సలహా ఇచ్చారు. హ్యాష్‌ట్యాగుని ఫాలో అయ్యే సదుపాయాన్ని 2024 డిసెంబర్‌లో తీసేశారు కూడా. ఇప్పుడు వాటి పని ఆ వస్తువు ఏమిటో పేరు పెట్టి చెప్పడమే. తెలుగులో క్యాప్షన్ రాసే మనకి ఇక్కడ ఒక ఉపయోగం ఉంది. తెలుగు చదివేవాళ్లు కూడా బట్టల కోసం వెతికేటప్పుడు ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేస్తారు. ఆ మాటలు హ్యాష్‌ట్యాగుల్లో పెట్టేయొచ్చు:

```
#LinenDress #WrapDress #DressWithPockets
```

వీటికి మీ బొటీక్ పేరు చేర్చండి, చాలు. #love, #fashion లాంటివి మీ డ్రెస్ గురించి ఏమీ చెప్పవు. ప్రతి మాటా పెద్ద అక్షరంతో మొదలుపెడితే, చూపు లేనివాళ్ల కోసం స్క్రీన్ చదివిపెట్టే సాఫ్ట్‌వేర్ కూడా విడివిడిగా పలుకుతుంది. క్యాప్షన్ నీట్‌గా ఉండాలని కొందరు హ్యాష్‌ట్యాగుల్ని మొదటి కామెంట్‌లో పెడతారు, అలా చేయకండి. సెర్చ్‌లో దొరకాలంటే అవి క్యాప్షన్‌లోనే ఉండాలని ఇన్‌స్టాగ్రామ్ స్పష్టంగా చెప్పింది.

ఇక పిన్ కామెంట్. రీల్ పెట్టిన వెంటనే, ఇంకెవరూ కామెంట్ చేయకముందే రాసి పిన్ చేస్తాను. మాది ఇలా ఉంది: "ఇప్పుడు స్మాల్, మీడియం ఉన్నాయి. లార్జ్ వచ్చే వారం వస్తుంది. కావాల్సినవాళ్లు ఇక్కడే 'లార్జ్' అని రాయండి, రాగానే చెబుతాం. ధర, ఆర్డర్ లింక్ మా బయోలో ఉన్నాయి." లింక్‌ని కామెంట్‌లో పెట్టినా, క్యాప్షన్‌లో పెట్టినా నొక్కితే తెరుచుకోదు, అందుకే బయో. 'లార్జ్' అని రాసినవాళ్ల పేర్లు నేను విడిగా రాసుకుంటాను. మాటిచ్చాక చెప్పకపోతే వాళ్లు ఇంకోసారి అడగరు.

సరుకు మారినప్పుడు పాత కామెంట్‌ని డిలీట్ చేయకండి. నేను ఒకసారి చేశాను. దాని కింద జనం రాసిన రిప్లైలన్నీ దాంతోపాటే పోయాయి, లార్జ్ కోసం చెప్పినవాళ్లెవరో తెలియకుండా పోయింది. దాన్ని అన్‌పిన్ చేసి, కొత్తది రాసి పిన్ చేయండి. మూడు కామెంట్ల దాకా పిన్ చేయొచ్చు కాబట్టి, ఎవరైనా కొనేవాళ్లు మంచి ప్రశ్న అడిగితే మీ జవాబుతో సహా దాన్ని కూడా పైన ఉంచండి. మనమే వేరే అకౌంట్‌తో అడిగించుకోవడం మాత్రం వద్దు, తెలిసిపోతుంది.

అయితే ఇవన్నీ ఆగి చూసినవాళ్ల కోసమే. ఇన్‌సైట్స్‌లో జనం మొదటి రెండు మూడు సెకన్లలోనే వెళ్లిపోతున్నట్టు కనిపిస్తే లోపం వీడియోలో ఉంది, క్యాప్షన్ దాన్ని కాపాడలేదు. మీకు లైకులు వస్తున్నాయి కాబట్టి, పూర్తిగా చూసినా మీ ప్రొఫైల్ దాకా రావట్లేదేమో చూడండి. అలా అయితే పైన చెప్పినవి పనికొస్తాయి.

పెట్టిన మర్నాడు కామెంట్లు మళ్లీ చదవండి. క్యాప్షన్‌లో ఉన్న విషయాన్నే మళ్లీ మళ్లీ అడుగుతున్నారంటే అది మరీ కింద ఉందని అర్థం. పోస్ట్ చేశాక కూడా క్యాప్షన్ మార్చుకోవచ్చు. మా లైనింగ్ వాక్యం మొదట ఉతికే పద్ధతి తర్వాత ఉండేది. ముగ్గురు అడిగాక దాన్ని, పైన చూపించినట్టు, రెండో లైన్‌కి తెచ్చాను. ఆ రీల్ కింద ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.