పాత ఫోటో నుంచి సంచి మీద గీతల బొమ్మ: ముక్కుపుడక పోకుండా

ప్రశ్న: మా తాతగారి పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటోని గీతల బొమ్మగా మార్చి, గుడ్డ సంచుల మీద ఒకే రంగులో ప్రింట్ వేయించాలి. ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ చేస్తే ముఖమంతా మరకల్లా వస్తోంది. సింప్లిఫై కొడితే కళ్ళు పోతున్నాయి. ఏం చేయాలి?

పోయినేడాది మా అమ్మమ్మ ఫోటోతో నేను సరిగ్గా ఇదే పని చేశాను, సరిగ్గా ఇవే తిప్పలు పడ్డాను. పాస్‌పోర్ట్ సైజు స్టూడియో ఫోటో, నూటయాభై సంచులు, సంచి మీద బొమ్మ ఎత్తు 15 సెంటీమీటర్లు.

ముందు ఆ మరకల సంగతి. `Trace Bitmap`కి గీత అంటే ఏమిటో తెలియదు. మీరు పెట్టిన హద్దు కంటే ముదురుగా ఉన్నదంతా నలుపు, లేతగా ఉన్నదంతా తెలుపు అని విడదీసి, ఆ నలుపు చుట్టూ గీత గీస్తుంది, అంతే. స్టూడియోలో లైటు ఒక పక్క నుంచి పడింది కాబట్టి రెండో బుగ్గ మొత్తం నలుపు కిందకి వెళ్ళిపోతుంది. హద్దు తగ్గిస్తే ఆ బుగ్గ బాగుపడుతుంది, వెలుగు పక్క కన్ను మాయమవుతుంది. ఒకే హద్దుతో రెండు వైపులూ కుదరవు. నేనైతే ఒక సాయంత్రమంతా ఆ స్లైడర్ అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను.

కావలసింది ఏమిటంటే, ప్రతి చుక్కనీ దాని చుట్టుపక్కలతోనే పోల్చి చూడాలి. కనుబొమ్మ బుగ్గ కంటే ముదురు, పెదవుల మధ్య గీత పెదవుల కంటే ముదురు. మెల్లగా మారే నీడని తీసేసి, ఇలా గబుక్కున మారే చోట్లని మాత్రం ఉంచే పనిని హైపాస్ ఫిల్టర్ చేస్తుంది. పోట్రేస్ అనే ట్రేసింగ్ ప్రోగ్రామ్‌తో పాటే వచ్చే `mkbitmap` కమాండ్‌లో అది ఉంది. ఇంక్‌స్కేప్ ట్రేసింగ్ లోపల పనిచేసేది కూడా పోట్రేసే, కానీ ఈ ముందు మెట్టు ఆ డబ్బాలో కనబడదు. ఫోటోని 1200 డీపీఐలో స్కాన్ చేసి, గింప్‌లో గ్రేస్కేల్ చేసి, `.pgm`గా దాచి, టెర్మినల్‌లో ఇలా నడిపాను:

```
mkbitmap -f 20 -s 2 -t 0.45 a.pgm -o a.pbm
potrace -s -t 70 a.pbm -o a.svg
```

`-f 20` అంటే 20 పిక్సెళ్ళ దూరంలో ఉన్న చుట్టుపక్కలతో పోల్చు అని. మొదటి వరుసలోని `-t` నలుపు తెలుపుల హద్దు. ముఖం మరీ నల్లగా వస్తే 0.45ని కొంచెం కొంచెంగా తగ్గించండి. రెండో వరుసలోని `-t` వేరే విషయం, ఎన్ని పిక్సెళ్ళ లోపు మచ్చల్ని వదిలేయాలో అది చెబుతుంది. ఆ 70 గాలిలోంచి వచ్చింది కాదు. నాలుగున్నర సెంటీమీటర్ల ఫోటో 1200 డీపీఐలో సుమారు 2125 పిక్సెళ్ళ ఎత్తు, `-s 2`తో రెట్టింపైతే 4250. దాన్ని 150 మిల్లీమీటర్లకి పరిస్తే మిల్లీమీటరుకి 28 పిక్సెళ్ళు. గుడ్డ మీద 0.3 మిల్లీమీటర్ల చుక్క ఎలాగూ నిలవదు. అది ఎనిమిదిన్నర పిక్సెళ్ళ చదరం, అంటే 70 చిల్లర. మీ సైజుకి ఈ లెక్క మళ్ళీ వేసుకోండి.

ఈ ఫిల్టర్‌తో ఒక తమాషా జరుగుతుంది. 20 పిక్సెళ్ళ కంటే బాగా వెడల్పైన నలుపుకి మధ్యలో, చుట్టుపక్కలంతా కూడా నలుపే కాబట్టి, పోల్చడానికి ఏమీ ఉండదు. అది తెల్లబడిపోతుంది. మా అమ్మమ్మ జుట్టు అంచుల్లో నల్లగా, మధ్యలో తెల్లగా వచ్చి, ఫోటో నాటి వయసుకి ముప్పై ఏళ్ళు కలిపింది. `.pbm`ని గింప్‌లో తెరిచి, జుట్టు లోపల నల్ల బ్రష్‌తో నింపి, పాపిడి, రెండు మూడు మెరుపులు మాత్రం వదిలేశాను. అదే ఊపులో, జుట్టుకీ కనుబొమ్మకీ అతుక్కున్న చోట సన్నగా తెల్ల గీత పెట్టి విడదీశాను. ఆ విడదీయడం ఎందుకో సింప్లిఫై దగ్గర తెలుస్తుంది.

ఇక మీ కళ్ళ గొడవ. ఇంక్‌స్కేప్‌లో సింప్లిఫై, అంటే `Ctrl+L`, ఎంత గట్టిగా పనిచేస్తుందన్నది మీరు సెలెక్ట్ చేసిన దాని మొత్తం సైజుని బట్టి ఉంటుంది. బొమ్మంతా సెలెక్ట్ చేసి కొడితే, చీర మడతలకి సరిపోయే మొరటుతనం కంటి రెప్పకీ తగులుతుంది. పైగా అర సెకను లోపు మళ్ళీ మళ్ళీ కొడితే ప్రతి దెబ్బకీ తీవ్రత పెరుగుతుంది. టెన్షన్‌లో టకటకా నాలుగుసార్లు కొట్టామంటే అయిపోయినట్టే. నా మొదటి ప్రయత్నంలో అమ్మమ్మ ముక్కుపుడక గుండ్రం పోయి, బియ్యపు గింజలా తయారైంది. చూసిన మా అమ్మ, "ఇదేంటిరా, ముక్కు మీద కురుపు?" అంది.

అందుకని, `.svg`ని తెరిచి `Ctrl+Shift+G`తో గ్రూపు విడదీయండి. మీరు `Trace Bitmap`తోనే చేసి ఉంటే అంతా ఒకే పాత్‌గా ఉంటుంది, దానికి `Path > Split Path` వాడండి. `Break Apart` వద్దు, కళ్ళలోని తెలుపు లాంటి రంధ్రాలన్నీ నల్లగా పూడిపోతాయి. ఆ తర్వాత చీర, భుజాలు, జుట్టు ఒక్కొక్కటిగా సెలెక్ట్ చేసి ఒక్కోసారి `Ctrl+L` కొట్టి, ఆగి, చూడండి. కళ్ళు, ముక్కు, పెదవుల జోలికి పోవద్దు. జుట్టునీ కనుబొమ్మనీ ముందే విడదీసింది ఇందుకే. ముక్కుపుడకని నేను తీసేసి సర్కిల్ టూల్‌తో కొత్తది పెట్టాను. నోడ్ టూల్‌తో సెలెక్ట్ చేస్తే కింద పట్టీలో నోడ్ల లెక్క కనబడుతుంది. నాకు నాలుగు వేల పైచిలుకు నోడ్లు ఎనిమిది వందల లోపుకి దిగాయి, అందులో దాదాపు సగం ముఖంలోనే ఉన్నాయి. అలాగే ఉండాలి కూడా.

`Centerline tracing` అనే ఆప్షన్ కూడా చూశాను. గీతకి రెండు అంచులు కాకుండా మధ్యలో ఒకే గీత ఇస్తుంది. లేజర్‌తో చెక్కడానికి అది బాగుంటుంది. ముఖానికి మాత్రం కనుబొమ్మా మీసమూ ఒకే మందంలో వచ్చి ప్రాణం పోతుంది.

చివరిగా మందం. మా స్క్రీన్ ప్రింటింగ్ అతను మొదటి ఫిల్మ్ చూసి, "ఒక పాయింట్ కంటే సన్న గీత గుడ్డ మీద తెగిపోద్దండి, సందు సన్నగుంటే ఇంకు పూడ్చేస్తది" అన్నాడు. ఒక పాయింట్ అంటే 0.35 మిల్లీమీటర్లు. సన్న గీతలకి మాత్రం అదే నలుపుతో 0.15 మిల్లీమీటర్ల స్ట్రోక్ ఇచ్చాను. అందులో సగమే బయటికి వస్తుంది, కానీ రెండు పక్కలా వస్తుంది కాబట్టి గీత మొత్తం 0.15 లావెక్కుతుంది, సందుకి రెండు పక్కలా స్ట్రోక్ ఉంటే ఆ సందు కూడా అంతే తగ్గుతుంది. రెప్పకీ కనుగుడ్డుకీ మధ్య సందుని అందుకే ముందే చేత్తో వెడల్పు చేశాను. ఫైలు పంపే ముందు అసలు సైజులో లేజర్ ప్రింట్ తీసి, గోడకి అంటించి, రెండడుగుల దూరం నుంచి చూడండి. స్క్రీన్ మీద జూమ్ చేసి చూస్తే అన్నీ బాగానే ఉన్నట్టుంటాయి.

బొమ్మ కింద పేరు తెలుగులో వేస్తుంటే `Path > Object to Path` చేసి పంపండి. నేను మర్చిపోయాను. వాళ్ళ కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేక ఒత్తులన్నీ అక్షరాల పక్కకి వచ్చి కూర్చున్నాయి. ఫిల్మ్ తీయకముందే ఫోన్‌లో ఫోటో పెట్టమన్నాను కాబట్టి సరిపోయింది.