అమ్మ పటం చేయించే ముందు

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

మీ అమ్మ సంవత్సరీకానికి కొత్త పటం చేయిస్తానని, నుదుట కుంకుమ, మెడలో కాసులపేరు పెట్టిస్తానని రాశావు. నలభై ఏళ్లు స్టూడియోలో టచింగ్ చేసినవాణ్ణి కనుక చెబుతున్నాను. ముందు మీ అక్కతోనూ పిన్నితోనూ కూర్చుని మాట్లాడు.

మీ నాన్న పోయాక తొమ్మిదేళ్లు మీ అమ్మ నల్ల చుక్కే పెట్టుకుంది. మీ అక్క కళ్లలో ఉన్నది ఆ ముఖం. నీకు గుర్తున్నది నిన్ను హాస్టల్లో దింపి వెళ్లిన, ఎర్రని బొట్టు పెట్టుకున్న అమ్మ. ఏ వయసు ముఖం గోడ మీద ఉండాలో ముగ్గురూ కలిసి తేల్చుకోండి. కుంకుమే కావాలంటే మీ నాన్న ఉన్నప్పటి ఫొటో వెతకండి. చివరి ఏళ్ల ముఖానికి కుంకుమ అద్దవద్దు. నగ సంగతీ అంతే. ఒకసారి ఒకరు అడిగారని వాళ్ల అమ్మ మెడలో హారం గీశాను. పటం చూసిన కూతురు, "అమ్మ ఉన్న రెండు గాజులూ నా ఫీజుకు అమ్మింది, ఈ హారం ఎక్కడిదండీ?" అంది. ఆ రాత్రే దాన్ని చెరిపేశాను.

ఇక ఫొటో సంగతి. రేషన్ కార్డుకు తీయించిన చిన్న ఫొటోను పన్నెండు అంగుళాల పటం చేయమనకు. అందులో లేని చర్మాన్ని, కనురెప్పల్ని కంప్యూటర్ ఊహించి నింపుతుంది. కళ్లు తళతళలాడతాయి, పుట్టుమచ్చ మాయమవుతుంది, పళ్ల వరుస ఎవరిదో అవుతుంది. పెళ్లి గ్రూప్ ఫొటోలో ముఖం బొటనవేలి గోరంత ఉన్నా పర్వాలేదు, స్పష్టంగా ఉంటే చాలు. దాన్ని 600 డీపీఐలో స్కాన్ చేయించి, పటం ఏడెనిమిది అంగుళాలకు మించకుండా చూసుకో. ఫోనుతో ఫొటోకు ఫొటో తీస్తే గాజు మెరుపు కూడా పడుతుంది.

మొదటి ప్రింటు చిన్నది తీయించి ఇవి చూడు. ముక్కుపుడక ఏ వైపుంది? పైట ఎడమ భుజం మీదే ఉందా? రెండూ తారుమారైతే బొమ్మ అద్దంలోలా తిరగబడిందన్నమాట. పాత నెగెటివును తిరగేసి ప్రింటు వేసినా ఇలాగే అవుతుంది. మీ నాన్న పక్కన కూర్చోబెడితే ముక్కు నీడ ఇద్దరికీ ఒకే వైపు పడాలి. లేకపోతే అతికించినట్టు తెలిసిపోతుంది.

అమ్మను ఆమె మనవరాలి పెళ్లి ఫొటోలో నిలబెట్టించాలని కూడా అన్నావు. నాకది నచ్చలేదు, కానీ పెళ్లికూతురు కోరితే నేను అడ్డు చెప్పను. ఆమెను అడిగావా?

ప్రింటు పిన్నికి చూపించేటప్పుడు ఏమీ చెప్పకు, చేతికివ్వు. ఆమె ముఖం వైపు చూడు. "అక్కే" అంటే ఫ్రేము కట్టించు. "బాగుంది" అని పక్కన పెడితే నాకు ఫోను చెయ్యి, మళ్లీ మొదలుపెడదాం.

మీ పెదనాన్న